ట్రయల్ బ్యాలెన్స్‌లో 540 తేడా ఎలా దొరికిందంటే

చేత్తో రాసే లెడ్జర్. ట్రయల్ బ్యాలెన్స్‌లో రెండు వైపులా సమానంగా రావాలి, కానీ క్రెడిట్ కంటే డెబిట్ మొత్తం 540 తక్కువ వచ్చింది. కూడికలు రెండుసార్లు చూశాను, లాభం లేదు.

పోస్టింగ్ మర్చిపోయానేమోనని డేబుక్‌లో 540 కోసం వెతికాను. ఒక పక్క రాయాల్సింది ఇంకో పక్క రాశానేమోనని సగం, అంటే 270 కోసం చూశాను. రెండూ లేవు.

పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ 9తో భాగించబడుతుంది కాబట్టి అప్పుడు 540ని 9తో భాగించాను. శేషం లేకుండా 60 వచ్చింది. అంటే పదుల, వందల అంకెలు తారుమారై ఉండొచ్చు, వాటి మధ్య తేడా 6. ఇక 71, 17, 82, 28 లాంటి జంటలున్న డెబిట్ ఎంట్రీలకే టిక్ పెట్టుకుంటూ వెళ్లాను. ఖర్చుల ఖాతాలో 4,710 బదులు 4,170 రాసుంది! సరిచేయగానే రెండు వైపులా కలిశాయి.

అన్నిసార్లూ ఇలాగే దొరుకుతుందని చెప్పలేను. 600ని 60 అని రాసినా తేడా 540 వస్తుంది. రెండు తప్పులు కలిస్తే ఈ పరీక్ష దారి తప్పిస్తుంది. రెండు పక్కలా రాయని ఎంట్రీ అయితే అసలు తేడానే చూపదు.