టేకాఫ్‌లో ముక్కు ముందే లేస్తోందా? బ్యాగేజీ తలుపు తెరిచి చూడండి

సమస్య: నాలుగు సీట్ల సెస్నా 172ఎస్. టేకాఫ్ పరుగులో సరిపడా వేగం అందకముందే ముక్కు దానంతటదే లేస్తోంది. గాల్లోకి వెళ్లాక చేతిలోని స్టీరింగ్, అంటే యోక్‌ను ముందుకు నొక్కి పట్టుకోవాల్సి వస్తోంది. కాస్త కదిపినా ముక్కు ఎగిరిపడుతోంది.

ముక్కు పైకో కిందికో మొగ్గేలా సర్ది ఉంచే చక్రం ట్రిమ్ వీల్, ముందు అది చూడండి. టేకాఫ్ గుర్తు దగ్గర ఉందా లేదా? ఇది చూడకుండానే మెకానిక్‌కి ఫోన్ కొట్టేవాళ్లు ఎక్కువ. ట్రిమ్ సరిగ్గానే ఉంటే విమానాన్ని అనుమానించకండి, లోడింగ్‌ను అనుమానించండి.

"మొత్తం బరువు లిమిట్‌లోనే ఉంది సార్" అనేది నాకెప్పుడూ వచ్చే జవాబు. ఆ బరువు ఎక్కడ కూర్చుంది అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబే సీజీ, అంటే సెంటర్ ఆఫ్ గ్రావిటీ. ఈ విమానంలో ఇంజిన్ వెనకున్న ఫైర్‌వాల్ నుంచి ప్రతి వస్తువు దూరాన్ని అంగుళాల్లో కొలుస్తారు. బరువును ఆ దూరంతో గుణిస్తే మొమెంట్. మొమెంట్లన్నీ కూడి, మొత్తం బరువుతో భాగిస్తే సీజీ వస్తుంది. 172ఎస్‌కు వెనక హద్దు 47.3 అంగుళాలు, గరిష్ఠ టేకాఫ్ బరువు 2,550 పౌండ్లు.

నేను దెబ్బతిన్న కేసు రేణిగుంటలో. దర్శనం చేసుకుని తిరుగు ప్రయాణానికి వచ్చిన ముగ్గురు, నేను. నా పక్కన 50 కిలోల పెద్దాయన, వెనక సీట్లో 85 కిలోల చొప్పున ఇద్దరు కొడుకులు. రెండు బ్యాగులు తూకం వేయించాను, రెండూ కలిపి 100 పౌండ్లు. బ్యాగేజీ చోటులో సీట్ల వెనకే ఉండేది 'ఏ' భాగం, దాని వెనక తోక వైపుది 'బీ' భాగం. రెండు బ్యాగులూ 'ఏ'లోనే ఉంటాయని, కిలోలను పౌండ్లలోకి మార్చి లెక్క వేసుకున్నాను:

```
                 బరువు   దూరం    మొమెంట్
ఖాళీ విమానం      1680    40      67200
ముందు సీట్లు      264    37       9768
వెనక సీట్లు       374    73      27302
ఇంధనం            120    48       5760
బ్యాగేజీ ఏ        100    95       9500
మొత్తం           2538           119530
119530 / 2538 = 47.1
```

హద్దుకు దగ్గరే, అయినా లోపలే ఉంది. సంతకం పెట్టేశాను. పరుగులో ముక్కు తేలింది. ఇంకా నేల మీదే ఉన్నాం కాబట్టి పవర్ తీసేసి వెనక్కి తెచ్చాను. బ్యాగేజీ తలుపు తెరిస్తే ఒక బ్యాగు తోక వైపు, బీ భాగంలో ఉంది. "వెనక ఖాళీగా ఉండె గదా సార్, అందుకే అట్ల తోసినా" అన్నాడు సామాను ఎక్కించిన అబ్బాయి. తప్పు అతనిది కాదు. ఏ, బీల మధ్య గోడ ఉండదు, ఉన్నదల్లా ఒక స్టిక్కరే.

50 పౌండ్ల ఆ బ్యాగు 95 అంగుళాల నుంచి 123కి, అంటే 28 అంగుళాలు జరిగింది. సీజీ ఎంత జరిగిందో తెలియాలంటే మళ్లీ మొదటి నుంచి లెక్క వేయక్కర్లేదు:

```
50 × 28 / 2538 = 0.55
47.10 + 0.55 = 47.65
```

ఇక్కడే మోసపోతాం. బీ భాగం పరిమితి 50 పౌండ్లు, దాటలేదు. ఏ, బీ కలిపి పరిమితి 120, దాటలేదు. మొత్తం బరువూ దాటలేదు. విడివిడిగా చూస్తే అన్నీ సరే, సీజీ మాత్రం హద్దుకు 0.35 అంగుళాలు వెనక. అంతేనా అనిపిస్తుంది. కానీ సీజీ వెనక్కి పోయేకొద్దీ, ముక్కు కదిలితే తనంతట తాను సర్దుకునే గుణం విమానంలో తగ్గిపోతుంది. హద్దు దాటాక రెక్కల ఎత్తే బలం పడిపోయి స్టాల్ అయితే ముక్కు దిగకపోవచ్చు, గిరగిరా తిరుగుతూ పడిపోయే స్పిన్‌లో పడితే బయటికి రావడం కష్టం.

"ఇంధనం ఖర్చయితే సర్దుకుంటుంది" అనే మాట కూడా వింటుంటాను. ట్యాంకుల దూరం 48 అంగుళాలు, సీజీకి పక్కనే. 90 పౌండ్లు కాలినా సీజీ 47.65 నుంచి 47.63కే వస్తుంది.

పరిష్కారం: బ్యాగును 'ఏ' భాగానికి లాగి నెట్‌తో బిగిస్తే 47.1కి వస్తుంది. నేను అంతటితో ఆగలేదు. పెద్దాయనను బతిమాలి వెనక సీటుకు మార్చి, ఒక కొడుకును ముందుకు పిలిచాను. వాళ్లిద్దరి బరువు తేడా 77 పౌండ్లు, సీట్ల మధ్య దూరం 36 అంగుళాలు. ఆ ఒక్క మార్పుతో సీజీ 1.09 అంగుళాలు ముందుకొచ్చి 46 దగ్గర నిలిచింది. ముందు సీటు పోయిందని పెద్దాయన అలిగాడు, అది వేరే సంగతి.

ఈ లక్షణం గాల్లో ఉండగా బయటపడితే వేగం తగ్గనివ్వకండి, ట్రిమ్ ముందుకు తిప్పండి, విమానాన్ని బాగా పక్కకు వాల్చే మలుపులు వద్దు. చేయి అందితే బ్యాగు ముందుకు లాగించి దగ్గర్లోని రన్‌వేకు రండి.

ఇక తక్కువగా ఎదురయ్యేవి: పరికరాలు మార్చాక ఖాళీ బరువు కాగితం సవరించకపోవడం, కిలోలను పౌండ్లుగా రాసేయడం, తోకలో నీళ్లు నిలవడం. మొదటి రెండూ కాగితాలు తిరగేస్తే దొరుకుతాయి. మూడోది నాకు ఒక్కసారే కనిపించింది, అదీ వర్షాకాలంలో.