ప్రేమ చెప్పడం, ఆరో పాఠం: మీరు అనేశారు, అవతల ఇంకా అనలేదు

ఈసారి ఫోన్ మాటల గురించి రాయాల్సింది. అది తర్వాత చూద్దాం. ఐదో పాఠం చదివి చాలామంది తమ ప్రేమ చెప్పేశారు. వాళ్లకు తిరిగొచ్చిన జవాబులు ఇవి: "థాంక్స్", "జర టైం ఇయ్యి", "చూద్దాం తియ్", ఒక ఎమోజీ, లేదంటే రెండు నీలి టిక్కులు, ఆపైన ఏమీ లేదు. ఇవేవీ "వద్దు" కాదు, "సరే" కూడా కాదు. ఆ మధ్యకాలంలో ఎట్లా మసలుకోవాలో ఇప్పుడు చూద్దాం.

ఎప్పుడు చెప్పాలన్న గుర్తులు మళ్లీ రాయను, పాత పాఠం తీయండి. ఒక్కటి మాత్రం కలుపుతున్నాను. చెప్పే వేళ ఎంచుకునేటప్పుడు మీ ధైర్యం కన్నా అవతలి మనిషి ఒంట్లో ఓపిక ముఖ్యం. పోలేపల్లి సెజ్‌లో రాత్రి షిఫ్టు దిగి, కంపెనీ బస్సులో తూలుతూ వచ్చిన మనిషికి పొద్దున్నే చెబితే "థాంక్స్" కాక ఇంకేం వస్తుంది? గ్రూప్స్ పరీక్షకు పది రోజుల ముందు కూడా వద్దు. ఫిబ్రవరి 14 నాకైతే అసలు నచ్చదు, ఆ రోజు ఏమన్నా తారీకు చూసి అన్నట్టే ఉంటుంది. కలిసిన పూట చివర్లో, విడిపోవడానికి ఇరవై నిమిషాలుందనగా చెప్పండి. మొదట్లోనే చెబితే మిగిలిన రెండు గంటలూ ఇద్దరికీ ఇబ్బందే. నల్లగొండ నుంచి హైదరాబాద్ బస్సులో పక్కపక్కన కూర్చుని, నార్కట్‌పల్లి దాటంగనే చెప్పడం అన్నిటికన్నా చెడ్డది. అవతలి మనిషి లేచి పోలేరు, ఆలోచించుకోనూ లేరు.

ఇక అందరూ పడ్డ గుంత ఒక్కటే. చెప్పిన మరుక్షణం "మరి నువ్వు?" అనడం.

ఆ రెండు మాటలతో మీరు చెప్పింది కాస్తా అడిగినట్టయిపోతుంది. అవతలి మనిషికి అప్పుడు రెండే దారులు: నిజం కాకున్నా "నేను కూడా" అనాలి, లేదా మీ ముఖం మీద కాదనాలి. మొదటిది అంటే మీరు సంబరపడతారు, కానీ ఆ తర్వాత వారం ఫోన్లు తగ్గుతాయి. అన్న మాటను మోయలేక దూరం జరుగుతున్నారన్నమాట. ఇదే ప్రశ్న వేషం మార్చుకుని కూడా వస్తుంది. "ఏమంటవ్?" అదే. "ఏం అనకపోయినా ఫర్వాలేదు" అంటూ కండ్లలోకి చూస్తూ నిలబడటం కూడా అదే. "నీ ఇష్టం, నేనైతే బలవంతం చేస్తలేను" అనేది ఇంకా బరువు. దోస్తుతో "అన్నా, ఆమె మనసులో ఏముందో జర కనుక్కో" అని అడిగించడం కూడా అదే ప్రశ్న, పైగా ఊరంతా తెలుస్తుంది. రాత్రి పదకొండుకు మెసేజ్ పెట్టి, నీలి టిక్కులు పడ్డాక భయపడి డిలీట్ చేయడం అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. అక్కడ ఏదో ఉండి తీసేశారన్న గుర్తు వాళ్ల తెరమీద మిగిలే ఉంటుంది.

అందుకని మీ మాట అడగడంతో కాక చెప్పడంతోనే ముగియాలి. "నువ్వంటే నాకు ప్రేమ. నీకు తెలియాలనే చెప్పిన. ఇయ్యాల జవాబు వద్దు." అక్కడ ఆపి, వెంటనే వేరే పని మీదికి పోండి: చాయ్ డబ్బులివ్వడం, బండి తీయడం, ఏదైనా సరే.

ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. అమ్మాయి పాలమూరు యూనివర్సిటీలో పీజీ, అబ్బాయి జడ్చర్ల దగ్గర ఫార్మా కంపెనీలో పని. ఏడు నెలల పరిచయం. ఆదివారం సాయంత్రం మయూరి పార్కు నుంచి బయటికి వస్తూ అమ్మాయే ముందు చెప్పింది. అబ్బాయి నేల చూసి "జర టైం ఇయ్యి" అన్నాడు. ఆమెకు అది కాదన్నట్టే వినపడింది. అతని లెక్క వేరు. ఇంట్లో అక్క పెళ్లి కాలేదు, ఇద్దరి కులాలూ వేరు. ఆమె చెప్పింది తన మనసు, అతనికి వినపడింది పెళ్లి ప్రశ్న. మన దగ్గర ఆలస్యాలు ఎక్కువగా ఇక్కడే పుడతాయి. ముందు అన్నవాళ్లకు ప్రేమ ఎక్కువ, వెనక ఉన్నవాళ్లకు తక్కువ అని కొలవకండి. ఏడు దేశాల్లో అడిగి 2022లో అచ్చువేసిన ఒక పరిశోధనలో ఎక్కువ దేశాల్లో మగవాళ్లే ముందు అన్నట్టు తేలింది. అంతమాత్రాన ఆడవాళ్లకు ప్రేమ తక్కువని ఎవరూ అనరు కదా. మన దేశం అందులో లేదు, అది వేరే సంగతి.

అతను తప్పు చేసిందెక్కడంటే టైం అడిగి హద్దు చెప్పకపోవడం. జవాబు ఇవ్వలేనివాళ్లు మూడు సంగతులు చెప్పాలి: మాట విన్నానని, ఇప్పుడు నిజంగా ఉన్నదేమిటో, మళ్లీ ఎప్పుడు మాట్లాడతానో. "నువ్వన్నది విన్న, తేలిగ్గా తీసుకుంటలేను. నిన్ను కలవకుంటే నాకు తోచదు, కానీ ఆ మాట ఇప్పుడే అనలేను. అక్క పెళ్లి మాటలు నడుస్తున్నయ్, ఉగాది అయినంక కూర్చొని మాట్లాడుకుందాం." ఇచ్చిన గడువు మాట్లాడటానికి, ఒప్పుకోవడానికి కాదు. ఉగాది తర్వాత కూడా "లేదు" అనవచ్చు. గడువు నాలుగైదు నెలలు దాటితే అది గడువు కాదు, తప్పించుకోవడం.

ఆమె చేయాల్సింది ఇది. మూడు వారాలు ఆ మాట మళ్లీ ఎత్తొద్దు, రోజూ ఎట్లుందో అట్లే ఉండాలి. ఫోన్ ఎవరు ముందు చేస్తున్నారో మాత్రం చూసుకోవాలి. ఇదివరకు పది ఫోన్లలో నాలుగు అతనివైతే, ఇప్పుడూ మూడో నాలుగో ఉంటే అతను నెమ్మదిగా నడుస్తున్నాడంతే. ఒకటికి పడిపోయి, "హా", "సరే", "బిజీ" మిగిలితే వెనక్కి పోతున్నాడు. షిఫ్టు మారిన వారం, ఇంట్లో చుట్టాలున్న వారం లెక్కలోకి తీసుకోవద్దు. నెలకు ఒకసారి "మనం ఇట్ల కలుస్తుంటే నీకు బరువైతుందా?" అని అడగొచ్చు. దీనికి జవాబు చెప్పడం తేలిక, నిజం కూడా త్వరగా వస్తుంది.

స్పష్టంగా "వద్దు" అన్నాక ఈ లెక్కలేవీ లేవు. ముఖ్యంగా అబ్బాయిలు వినండి. ఆ తర్వాత కాలేజీ గేటు దగ్గర నిలబడటం, కొత్త నంబర్ల నుంచి మెసేజ్‌లు పెట్టడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. షీ టీమ్స్ వరకు పోకముందే ఆగండి.

అభ్యాసం: చెప్పే మూడు వాక్యాలను మీ మాటల్లో రాయండి, అందులో ఒక్క ప్రశ్న కూడా ఉండొద్దు. పైకి చదివి, "కదా", "ఏమంటవ్" లాంటివి దొర్లితే కొట్టేయండి. తర్వాత ఎదుటివాళ్ల వైపు నుంచి, ఇంకా తయారుగా లేని మనిషిగా మూడు వాక్యాల జవాబు రాయండి. ఇద్దరి మాటలూ కలిపి నిమిషం దాటొద్దు. ఫోన్లో రికార్డు చేసుకుని వినండి, గొంతు ఎక్కడ బతిమాలుతున్నట్టు వినిపిస్తే అక్కడి మాట మార్చండి. ఇప్పటికే చెప్పేసినవాళ్లు రాయనక్కర్లేదు, మూడు వారాలు ఫోన్ల లెక్క పట్టుకుని రండి. ఆ లెక్కలతోనే ఏడో పాఠం మొదలు.