కణజాల పాఠాలు – 3: ప్లీహంలోని నల్లని రేణువులు మలేరియావేనా?

గత పాఠంలో మైక్రోటోమ్‌తో 4 మైక్రాన్ల మందంలో ముక్కలు కోసి నీటి తొట్టిలో పరిచాం. ఈసారి వాటికి రంగు వేయాలి. కానీ రంగు వేశాక కనిపించే ఒక మోసం ఫార్మలిన్ సీసాలోనే పుడుతుంది. అందుకే ముందు అక్కడికి వెళ్దాం.

రాయగడలో మేం చూసిన ఒక ప్లీహం కథ ఇది. చెట్టు మీంచి పడిన ఒక మనిషికి ప్లీహం చిట్లితే ఆపరేషన్ చేసి తీసేశారు. గిరిజన గ్రామాల నుంచి వచ్చేవారికి మలేరియా కొత్త కాదు కాబట్టి, వైద్యుడు కాగితం మీద ‘మలేరియా ఉందేమో చూడండి’ అని రాశారు. స్లైడులో గోధుమ-నలుపు రంగు రేణువులు చుక్కలు చుక్కలుగా కనిపించాయి. నాతో నేర్చుకుంటున్న అమ్మాయి వెంటనే ‘ఇదే మలేరియా వర్ణకం, సార్’ అంది. ఆమె తప్పు చాలా సహజం. మలేరియా రేణువులూ, ఫార్మలిన్ సీసాలో పుట్టే రేణువులూ చూపులో అక్కచెల్లెళ్లే.

నేను సీసా తెప్పించాను. ప్లీహాన్ని కోయకుండా చిన్న సీసాలో కుక్కి, అది మునిగేంత ఫార్మలిన్ మాత్రమే పోశారు. పీహెచ్ కాగితం ముంచితే 4 చూపించింది. ఫార్మలిన్ నిల్వ ఉన్నకొద్దీ గాలి తగిలి కొంత ఫార్మిక్ ఆమ్లంగా మారుతుంది. ద్రావణం ఆమ్లంగా ఉంటే అది రక్తంలోని హీమోగ్లోబిన్ మీద పనిచేసి ఆమ్ల హీమటిన్ అనే వర్ణకాన్ని పుట్టిస్తుంది. ఫార్మలిన్ వర్ణకం అనేది దీన్నే. రక్తం నిండిన ప్లీహం, కాలేయం, గడ్డకట్టిన రక్తం ఉన్న చోట్లు దీనికి అనువైనవి.

ఇక స్లైడు చదవడం. మొదట రేణువులు ఎక్కడున్నాయో చూడండి. మలేరియా వర్ణకం కణాల లోపల ఉంటుంది: పరాన్నజీవి ఉన్న ఎర్ర రక్తకణాల్లోనూ, వాటిని మింగిన భక్షక కణాల జీవద్రవ్యంలోనూ. మా స్లైడులో రేణువులు రక్తపు మడుగుల మీద, రక్తనాళం మధ్యలో, కణాల సరిహద్దులు లెక్కచేయకుండా పడి ఉన్నాయి. భక్షక కణాలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. సూక్ష్మ సర్దుబాటు మరను తిప్పితే చాలా రేణువులు కణజాలం కంటే కాస్త పైన స్పష్టపడ్డాయి.

ధ్రువణ కాంతి ఇక్కడ తీర్పు చెప్పదు. రెండు వర్ణకాలూ అందులో మెరుస్తాయి. పెర్ల్స్ ఇనుము పరీక్షలో రెండూ నీలం కావు. సంతృప్త పిక్రిక్ ఆమ్ల ఆల్కహాలులో మైనం తీసిన స్లైడును ఉంచితే ఫార్మలిన్ వర్ణకం సాధారణంగా అరగంట నుంచి రెండు గంటల్లో కరిగిపోతుంది. మా స్లైడులోనూ గంటకు పోయింది. కానీ ఎక్కువసేపు ఉంచితే మలేరియా వర్ణకం కూడా పోతుంది. కాబట్టి ‘పోయింది కనుక ఫార్మలిన్‌ది’ అని ఎప్పుడూ రాయకండి. దీనికి తోడుగా పిక్రిక్ ఆమ్లం తాకని స్లైడు ఒకటి తప్పక ఉంచుకోండి. పిక్రిక్ ఆమ్లం పూర్తిగా ఎండితే పేలే ప్రమాదం ఉంది, తడిగానే ఉంచాలి.

మా నివేదికలో ఇలా రాశాం: రేణువులు ఫార్మలిన్ వర్ణకమే, భక్షక కణాల్లో వర్ణకం కనబడలేదు. మలేరియా లేదని మాత్రం రాయలేదు. అది రక్తపూతలో తేలాల్సిన విషయం.

ఈ తంటా రాకుండా ద్రావణం ఇలా కలపండి: 40 శాతం ఫార్మాల్డిహైడ్ 100 మిల్లీలీటర్లు, నీరు 900 మిల్లీలీటర్లు, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 4 గ్రాములు, నిర్జల డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. పీహెచ్ 7 దగ్గర నిలుస్తుంది. కణజాలానికి కనీసం పది రెట్లు ద్రావణం పోయండి. ప్లీహం వంటిదాన్ని పలుచగా కోసి వేయండి, లేకపోతే నడుమ భాగానికి ద్రావణం అందదు.

తర్వాతి దశలు మీకు తెలిసినవే: ఆల్కహాలు మెట్లలో నీరు తీయడం, జైలీన్‌లో తేటపరచడం, కరిగిన పారాఫిన్ ఎక్కించడం, కోయడం, హీమటాక్సిలిన్, ఇయోసిన్. వీటిలో ఒక్క మాట. నీటి తొట్టిని ప్రతి బ్లాక్ తర్వాత కాగితంతో తుడవండి. లేకపోతే ఒక రోగి కణజాలపు తునక మరొకరి స్లైడు మీదికి తేలి వస్తుంది. అదీ చాలాసార్లు వేరే ఫోకస్‌లో కనిపిస్తుంది.

అభ్యాసం: ఈ వారం మీ వద్ద ఉన్న పాత ప్లీహం లేదా కాలేయం స్లైడు ఒకటి తీయండి. నల్ల రేణువులు పది వెతికి, ఒక్కొక్కటి కణం లోపలుందా, బయటుందా, ఏ ఫోకస్‌లో ఉందో రాయండి. వచ్చే పాఠంలో హీమటాక్సిలిన్‌ను ఆమ్ల ఆల్కహాలులో ఎంతవరకు తగ్గించాలో చూద్దాం.