మారథాన్ తెల్లవారుజామున: అయిదింటి పరుగుకు రెండుంబావుకే లేవాలి

మా రన్నింగ్ గ్రూపులో ఒక తమ్ముడు తన తొలి ఫుల్ మారథాన్‌కు నాలుగున్నరకు చేరాడు. పరుగు అయిదింటికి. టాయిలెట్ ముందు తనకన్నా ముందు ఇరవై మంది ఉన్నారు. మనిషికి రెండు నిమిషాలు వేసుకున్నా నలభై నిమిషాలు. అతను స్టార్ట్ లైన్ దాటేసరికి అయిదూ పది దాటిపోయింది. పోయిన టైము రాబట్టుకోవాలని మొదటి మూడు కిలోమీటర్లు జనాన్ని తప్పించుకుంటూ వేగంగా పరిగెత్తాడు. 32వ కిలోమీటరు దగ్గర పిక్కలు పట్టేశాయి. అందుకే ఆ ఉదయాన్ని నేను టాయిలెట్ నుంచి వెనక్కి లెక్కేస్తాను.

ఆగస్టు చివర్లో నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా నుంచి మొదలయ్యే హైదరాబాద్ మారథాన్‌నే తీసుకుందాం. మీ పరుగు అయిదింటికి, మీ బరువు 60 కిలోలు అనుకుని చెబుతున్నాను. మీకిచ్చిన టైమును బట్టి ముందుకో వెనక్కో జరుపుకోండి.

రెండుంబావుకు లేచి, రెండున్నరకు తినండి. రాత్రంతా నిద్రలో కాలేయంలోని పిండిపదార్థం నిల్వ తగ్గిపోతుంది, దాన్ని నింపాలి. కానీ పరుగు మొదలైతే రక్తం కాళ్లకు మళ్లుతుంది, అరగని తిండి కడుపులో అలాగే ఉండిపోతుంది. అందుకే కనీసం రెండున్నర గంటల ఎడం. మూడు ఇడ్లీలు, రెండు చెంచాల పంచదార, ఒక అరటిపండు తింటే దాదాపు 65 గ్రాముల పిండిపదార్థం అందుతుంది, అది చాలు. సాంబారు, పల్లీ చట్నీ, నెయ్యి ఆ రోజుకు వద్దు. పప్పు గ్యాస్ పెడుతుంది, కొవ్వు అరగడానికి టైము తీసుకుంటుంది. ఇదే తిండిని లాంగ్ రన్ రోజుల్లో రెండు మూడుసార్లు తిని చూసుకోండి.

మూడుంబావు దాకా అర లీటరు నీళ్లు కొంచెం కొంచెంగా తాగి ఆపేయండి. పరుగుకు పది నిమిషాల ముందు రెండు గుక్కలు చాలు. స్టార్ట్ దాకా తాగుతూనే ఉంటే ఆ నీళ్లు మిమ్మల్ని మళ్లీ క్యూలోకి పంపిస్తాయి.

రోజూ కాఫీ అలవాటు ఉంటే తిండితోపాటే వేడిగా తాగండి. కొంతమందికి అరగంటలోపు కడుపు కదులుతుంది, అప్పుడు ఇంకా ఇంట్లోనే ఉంటారు. మూడున్నరకు బయల్దేరి నాలుగింటికి చేరండి. చేరగానే, అవసరం అనిపించకపోయినా, క్యూలో నిలబడండి. ఉద్వేగంతో కడుపు రెండోసారి పిలవడం మామూలే. టిష్యూ, చిన్న నీళ్ల సీసా, టార్చి వెంట ఉండాలి. పరుగు దారిలో అవసరమైతే మొదట కనిపించిన టాయిలెట్‌లోకే వెళ్లండి. ఆపుకుని పరిగెత్తితే పోయేది రెండు నిమిషాలతో ఆగదు. ముందురోజు విరేచనాలో జ్వరమో ఉంటే మాత్రం పరిగెత్తకండి. ముందుజాగ్రత్తగా నొప్పి మాత్ర కూడా వేసుకోవద్దు, ఒంట్లో నీరు తగ్గినప్పుడు అది కిడ్నీలకు హాని చేయవచ్చు.

బట్టల్లో కొత్తది ఏదీ ఉండకూడదు. ఆగస్టు ఉక్కలో చెమట ఆరదు. కాటన్ టీషర్టు, కాటన్ సాక్సు తడిసి బరువెక్కి ఒరుసుకుంటాయి. తొడల లోపల, చంకల్లో వాజిలిన్ రాయండి. మగవాళ్లు చనుమొనలకు ప్లాస్టర్ వేసుకోవాలి, ఆడవాళ్లు స్పోర్ట్స్ బ్రా కింది పట్టీ దగ్గర వాజిలిన్ రాసుకోవాలి. మీ నంబరు ఉండే బిబ్‌ను రాత్రే టీషర్టుకు నాలుగు పిన్నులతో పెట్టేయండి. వాన పడితే పెద్ద ప్లాస్టిక్ సంచికి తల, చేతులు పట్టే కంతలు చేసి తొడుక్కోండి, బయల్దేరే ముందు చెత్తబుట్టలో వేయండి.

వార్మప్ పెద్ద పని కాదు. నాలుగూ ముప్పై అయిదుకు అయిదు నిమిషాలు చురుగ్గా నడక, మెల్లని జాగింగ్, కాళ్లను ముందుకు వెనక్కు ఊపడం. కదలకుండా కండరాన్ని చాలాసేపు సాగదీసి పట్టుకోవద్దు. నాలుగున్నర గంటలు పట్టేవాళ్లకు మొదటి కిలోమీటరే అసలు వార్మప్.

ఇక స్టార్ట్ లైన్ వెనక, మీకు కేటాయించిన గడిలో. నాలుగున్నర గంటల్లో ముగించాలనుకుంటే ఆ టైముకు ముగించేలా ఒకే వేగంతో పరిగెత్తే పేసర్ జెండా పట్టుకుని ఉంటాడు, అతని వెనకే నిలబడండి, ముందుకు తోసుకుపోకండి. మీ దగ్గరున్న చిప్ స్టార్ట్ లైన్ మీది మ్యాట్ దాటినప్పటి నుంచే మీ టైము లెక్క, వెనక నిలబడితే పోయేదేమీ లేదు. ముందు నిలబడితే చీకట్లో వేగంగా వచ్చేవాళ్ల కాళ్లకు మీరు అడ్డం. సీసా, సంచీ కింద పడేస్తే వెనకవాళ్లు దానిమీద కాలేసి పడతారు. లేసు ఊడినా, వాచీ సిగ్నల్ అందుకోకపోయినా పక్కకు తప్పుకుని చెయ్యెత్తి ఆగండి. నడవాల్సి వచ్చినా అంతే, నలుగురు వరసగా నడవకండి.

నాలుగున్నర గంటలకు కిలోమీటరుకు 6 నిమిషాల 24 సెకన్లు పడుతుంది. గుంపులో మొదటి కిలోమీటరుకు 6:40 పడితే పట్టనివ్వండి. ఆ 16 సెకన్లను రెండో కిలోమీటరులోనే రాబట్టుకోవాలని చూడకండి, ముందు ఫ్లైఓవర్లు ఉన్నాయి.