నల్లా సన్నగా వదిలినప్పుడు మీటర్ సరిగ్గా తిరుగుతోందా? బకెట్ పరీక్షలో వచ్చే తేడాలు, కారణాలు

మా అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్‌కో అరంగుళం నీటి మీటర్ ఉంది. రీడింగులు రాసుకునే పని నాది. మొన్న మొదటి అంతస్తు ఆంటీ, "బకెట్ పెట్టి చూశాను బాబూ, పది లీటర్లు పడితే మీటర్ పదికి పైనే చూపిస్తోంది. మార్పించెయ్" అన్నారు. ఆవిడ కొలత తప్పు కాదు. కానీ మీటర్ కూడా తప్పు కాదు. అది తేలడానికి నాకు ఒక పూట పట్టింది.

ముందు పరీక్ష సరిగ్గా చేయాలి

ఇళ్లలో ఎక్కువగా కనిపించే మల్టీజెట్ మీటర్ లోపల చిన్న ఫ్యాన్ లాంటి చక్రం ఉంటుంది. నీళ్లు జోరుగా వస్తే అది బాగానే లెక్కపెడుతుంది. ధార సన్నబడే కొద్దీ ఇరుసు దగ్గరి రాపిడిని దాటడానికే నీటి బలం సరిపోదు, లెక్క తగ్గుతుంది. అందుకే నీటి మీటర్ల భారతీయ ప్రమాణం ఐఎస్ 779 ప్రకారం 15 మి.మీ. క్లాస్ బి మీటర్‌కు (డయల్ మీద సాధారణ ప్రవాహం గంటకు 1.5 ఘనపు మీటర్లు అని ఉండేది) గంటకు 30 లీటర్ల నుంచి 120 లీటర్ల లోపు 5 శాతం వరకు తేడాను ఒప్పుకుంటారు. ఆ పైన 2 శాతమే. కొత్త మీటర్‌కైనా గంటకు పది లీటర్ల చుట్టుపక్కల ముల్లు కదలడమే కష్టం. ఈ మాట గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది.

గంటకు 30 లీటర్లంటే అరలీటరు సీసా సరిగ్గా నిమిషంలో నిండే ధార. వాష్ బేసిన్ కింద ఉండే యాంగిల్ వాల్వ్‌ను తిప్పుతూ ఆ ధారకు తెచ్చుకోండి. తర్వాత దాన్ని ముట్టుకోవద్దు. నీళ్లు వదలడం, ఆపడం పై నల్లాతోనే చేయాలి. ధార మారకుండా ఉండాలంటే ఇదే మంచి దారి.

బకెట్ మీది గీతలను నమ్మకండి. 20 లీటర్ల వాటర్ క్యాన్‌ను కూడా మెడ దాకా నింపితే ఎంత పట్టిందో చెప్పలేం. ఖాళీ బకెట్‌ను డిజిటల్ త్రాసు మీద పెట్టి తూచండి, పరీక్ష అయ్యాక నీళ్లతో మళ్లీ తూచండి. మన ఎండల్లో 30 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు 996 గ్రాములు తూగుతాయి. అంటే 9.96 కిలోలు వస్తే పది లీటర్లు.

మీటర్ మీద ×0.0001 అని రాసిన చిన్న ఎర్ర ముల్లు చూడండి. అది ఒక చుట్టు తిరిగితే లీటరు, ఒక గీత దాటితే 100 మిల్లీలీటర్లు. మొదట్లో, చివర్లో ఫోన్‌తో నిటారుగా పైనుంచి ఫోటో తీయండి. పక్కనుంచి చూస్తే అరగీత తేడా వస్తుంది. అరగీతంటే 50 మిల్లీలీటర్లు, పది లీటర్లలో అర శాతం. రెండు వైపులా కలిస్తే ఒక శాతం. కాబట్టి ఇంట్లో చేసే ఈ పరీక్షలో ఒక శాతం తేడా మీద గొడవపడటం అనవసరం.

లెక్క ఇంతే: మీటర్ చూపిన లీటర్లలోంచి బకెట్‌లో పడినవి తీసేసి, బకెట్‌లో పడిన వాటితో భాగించి, వందతో గుణించండి.

లక్షణం: సన్న ధారలో మీటర్ ఎక్కువ చూపిస్తోంది

ఆంటీ ఇంట్లో జరిగింది ఇదే. అన్ని నల్లాలూ కట్టేసి పదిహేను నిమిషాలు చూశాను, ముల్లు కదల్లేదు. లీకేజీ లేదనుకున్నాను. తర్వాత మూడు ధారల్లో పదేసి లీటర్లు పట్టాను. గంటకు 30 లీటర్ల ధారలో ఇరవై నిమిషాలకు మీటర్ 10.7 చూపింది, అంటే 7 శాతం ఎక్కువ. గంటకు 120 లీటర్ల ధారలో ఐదు నిమిషాలకు 10.25. నల్లా పూర్తిగా తిప్పితే నిమిషంలో 10.05.

రాపిడి వల్ల సన్న ధారలో మీటర్ తగ్గాలి కానీ పెరగకూడదు. పైగా పరీక్ష ఎంత ఎక్కువసేపు నడిస్తే తేడా అంత పెరిగింది. ఐదు నిమిషాలకు పావు లీటరు, ఒక నిమిషానికి 50 మిల్లీలీటర్లు. రెండూ గంటకు మూడు లీటర్ల లెక్కకే వస్తున్నాయి. అంటే మీటర్ దాటిన నీళ్లలో కొన్ని బకెట్‌లోకి రాకుండా ఇంకెక్కడికో పోతున్నాయి.

మరి నల్లాలు కట్టేసినప్పుడు ముల్లు ఎందుకు కదల్లేదు? గంటకు మూడు లీటర్లు చక్రాన్ని కదిలించలేవు. కానీ బకెట్ కోసం వదిలిన 30 లీటర్లతో కలిసి 33 అయ్యాక, అప్పటికే తిరుగుతున్న చక్రం వాటిలో చాలావరకు లెక్కేస్తుంది. ముల్లు నిలబడి ఉందంటే లీకేజీ అసలు లేదని కాదు, మీటర్‌కు కనిపించేంత లేదని మాత్రమే.

పరిష్కారం: ఫ్లష్ ట్యాంక్‌కు వెళ్లే యాంగిల్ వాల్వ్ కట్టేసి సన్న ధార పరీక్ష మళ్లీ చేశాను. ఈసారి మీటర్ 9.7 చూపింది. 3 శాతం తక్కువ, ఒప్పుకునే హద్దులోనే. ఫ్లష్ ట్యాంక్‌లో కాస్త నీలిమందు కలిపి, ఫ్లష్ చేయకుండా అరగంట ఆగితే కమోడ్‌లోకి నీలం చారలా దిగింది. అడుగున రబ్బరు వాషర్ గట్టిపడిపోయింది, అది మార్పిస్తే పని అయిపోయింది. ఆంటీది పాత బంతి ఫ్లోట్ ట్యాంక్. అందుకే కారినంత మేర పైనుంచి బొట్లుబొట్లుగా నిండుతూ వచ్చింది.

తేడా శాతం అన్ని ధారల్లోనూ దాదాపు ఒకేలా ఎక్కువగా ఉంటే మాత్రం లీకేజీ కాదు. మల్టీజెట్ రంధ్రాల్లో కొన్ని మట్టితో మూసుకుపోతే మిగతా వాటిలోంచి నీళ్లు వేగంగా తగిలి చక్రం ఎక్కువ తిరుగుతుంది. మీటర్‌లో మట్టిని ఆపే జాలీ శుభ్రం చేయించి మళ్లీ చూడాలి.

లక్షణం: పూర్తి ధారలో సరిగ్గా ఉంది, సన్న ధారలో బాగా తక్కువ

ముందు మీటర్ ఎలా బిగించారో చూడండి. డయల్ సరిగ్గా ఆకాశం వైపు ఉండాలి. గోడ పక్కన చోటు లేదని ప్లంబర్ దాన్ని ఒరగబెడితే ఇరుసు మీద బరువు పక్కకు పడి రాపిడి పెరుగుతుంది. జోరు ధారలో ఇది తెలియదు, సన్న ధారలోనే బయటపడుతుంది. మీటర్ మీద స్పిరిట్ లెవెల్ పెట్టి, పైపును సరిచేసి మళ్లీ కొలవండి.

సమంగానే ఉంటే ఇరుసు అరిగి ఉండాలి, లేదా బోరు నీళ్ల సున్నం, ఇనుప మడ్డి చక్రానికి పట్టి ఉండాలి. అరిగినదానికి మరమ్మతు నిలవదు, మీటర్ మార్చడమే. అసోసియేషన్ మీటర్ అయితే మనమే విప్పించుకోవచ్చు. జలమండలి లేదా మున్సిపాలిటీ కనెక్షన్ మీది మీటర్‌కు సీల్ ఉంటుంది, దాన్ని ముట్టుకోకుండా మీ ఫోటోలు, తూకం లెక్కలు జతచేసి మీటర్ పరీక్షకు అర్జీ పెట్టండి.

లక్షణం: కొలిచిన ప్రతిసారీ వేరే లెక్క

నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే లైన్‌లో మొదట పైపులోని గాలి తోసుకొస్తుంది, అది కూడా చక్రాన్ని తిప్పుతుంది. నల్లా బుసబుసలు ఆగి ధార కుదురుకునే దాకా ఆగండి. ఓవర్‌హెడ్ ట్యాంక్ నుంచి వచ్చే ఫ్లాట్లలో గాలి గొడవ తక్కువ, కానీ పక్కింటివాళ్లు స్నానానికి నల్లా తిప్పితే ప్రెషర్ తగ్గి మీ ధార మారిపోతుంది. నేను మధ్యాహ్నం మూడింటికి చేస్తాను. ఒకే ధారలో మూడుసార్లు పట్టి, మూడూ ఒక శాతం లోపల కలిస్తేనే ఆ అంకె పుస్తకంలో రాస్తాను.