పెరుగన్నం మానేశాక: వీగన్ భోజనాన్ని ఎలా ప్లాన్ చేసుకోవాలి?

విజయవాడ, గుంటూరు ఇళ్లలో శాకాహారులు వీగన్‌గా మారితే పప్పు, కూర, పచ్చడి ఏవీ మారవు. పోయేది నెయ్యి, పాలు, మజ్జిగ, చివర్లో పెరుగన్నం. నెయ్యికి బదులు నువ్వుల నూనె వేసుకోవచ్చు, దాంతో పెద్దగా నష్టం లేదు. పెరుగు పోతే మాత్రం బి12, కాల్షియం, కొంత ప్రోటీన్ కలిసి పోతాయి. ప్లాన్ వేసుకోవాల్సింది ఈ ఖాళీ గురించే.

మొదట బి12 సంగతి తేల్చుకోండి

దీన్ని ఏ ఆకుకూరా, ఏ పప్పూ ఇవ్వదు. పులియబెట్టిన ఇడ్లీ పిండిని నమ్ముకోకూడదు. స్పిరులినాలో ఉండేది ఎక్కువగా మన శరీరానికి పనికిరాని రూపం. కాబట్టి టాబ్లెట్ తప్పదు: రోజూ 50 మైక్రోగ్రాములు, లేదా వారానికి 2 సార్లు 1000 మైక్రోగ్రాములు. మన అవసరం రోజుకు 2 మైక్రోగ్రాములకు కాస్త పైనే అయినా ఇంత పెద్ద మోతాదు ఎందుకంటే, పేగులు ఒక్కసారికి పీల్చుకోగలిగేది చాలా తక్కువ. కొనేటప్పుడు జెలటిన్ క్యాప్సూల్ కాకుండా టాబ్లెట్ అడగండి, జెలటిన్ జంతువుల నుంచే వస్తుంది.

ఇక్కడ చాలామంది మోసపోతారు. కాలేయంలో పాత నిల్వ ఉంటుంది కాబట్టి టాబ్లెట్ వేసుకోకపోయినా చాలాకాలం, ఒక్కోసారి ఏళ్లపాటు, ఏమీ తెలియదు. పైగా పప్పుల్లో, ఆకుకూరల్లో దండిగా ఉండే ఫోలేట్ అనే విటమిన్ వల్ల, బి12 లోపంతో వచ్చే రక్తహీనత కనబడకుండా ఉండొచ్చు, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూ ఉంటాయి. అరికాళ్లలో తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టుండటం, నాలుక మంట, మతిమరుపు కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్‌ని కలవండి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బి12 ఇంకా తగ్గుతుంది, వాళ్లు ముందుగానే పరీక్ష చేయించుకోవాలి.

పెరుగు స్థానంలో ఏది పెట్టాలి?

పల్లీలతోనో కొబ్బరిపాలతోనో తోడేసిన పెరుగు పుల్లగా, కమ్మగా ఉంటుంది. కానీ రెండింటిలోనూ కాల్షియం చాలా తక్కువ, కొబ్బరిపాలలో ప్రోటీన్ కూడా నామమాత్రమే. సోయాపాలు మేలు. అయితే ఇంట్లో రుబ్బి తీసిన వాటిలో కాల్షియం అంతగా ఉండదు. ప్యాకెట్ మీద 100 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాముల కాల్షియం కలిపినట్టు ఉంటే అది ఆవుపాలతో సమానం. కలిపిన కాల్షియం అడుగున పేరుకుంటుంది కాబట్టి బాగా కుదిపి పోయండి.

పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. పాలకూర, తోటకూర దీనికి అక్కరకు రావు. వాటిలో కాల్షియం ఉన్నా ఆక్సలేట్ దాన్ని పట్టేసుకుంటుంది. రాగులు, నువ్వులు, మునగాకు మన ఊళ్లో సులువుగా దొరికేవే. రాగుల్ని నానబెట్టి మొలకెత్తించి పిండి పట్టిస్తే ఇంకా బాగా ఒంటపడుతుంది.

ఒక రోజు లెక్క

60 కిలోల బరువున్న మనిషికి సుమారు 50 గ్రాముల ప్రోటీన్ కావాలి. పప్పుల ప్రోటీన్ కాస్త తక్కువగా అరుగుతుంది కాబట్టి 55 దాకా లెక్క వేసుకోవడం మంచిది.

ఉదయం 60 గ్రాముల పెసలతో పెసరట్టు, పల్లీల చట్నీ తింటే సుమారు 19 గ్రాములు. మధ్యాహ్నం 100 గ్రాముల బియ్యం, 40 గ్రాముల కందిపప్పు కలిసి 17, అందులో 20 గ్రాముల మీల్ మేకర్ కూర చేరితే ఇంకో 10. సాయంత్రం గుప్పెడు పుట్నాలు 6, రాత్రి 75 గ్రాముల రాగిపిండి సంగటి 5. మొత్తం 57. పెరుగు లేకుండానే సరిపోయింది. పప్పు నీళ్లలా పలచగా చేసుకునే ఇళ్లలోనే తేడా వస్తుంది, గిన్నెడు పప్పులో ఎంత పప్పు వేశారో ఒకసారి తూచి చూడండి.

ఇదే రోజులో కాల్షియం: రాగులు సుమారు 270, కాల్షియం కలిపిన సోయాపాలు ఒక గ్లాసు (250 మిల్లీలీటర్లు) 300, చిమ్మిలిలో 20 గ్రాముల నువ్వులు 250 మిల్లీగ్రాములు. మునగాకు, పప్పులు మిగతాది నింపుతాయి. నువ్వుల కాల్షియం అంతా ఒంటికి పట్టదు, అందుకే దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

మిగిలినవి

ఐరన్ కోసం పప్పులో నిమ్మరసం పిండుకోండి, భోజనం కాగానే టీ తాగకండి, గంట ఆగండి. పాలు పోతే అయోడిన్ కూడా తగ్గుతుంది. మన దగ్గర పచ్చళ్లకు కల్లుప్పు వాడతారు, వంటకి కూడా అదే వేస్తుంటే అందులో అయోడిన్ ఉందో లేదో ప్యాకెట్ మీద చూడండి. ఎండ తగలని ఉద్యోగమైతే విటమిన్ డి పరీక్ష చేయించుకోండి. చాలా డి3 మాత్రలు గొర్రె ఉన్ని కొవ్వు నుంచి తయారవుతాయి కాబట్టి డి2 అని అడిగి తీసుకోవచ్చు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఈ లెక్కల్ని యథాతథంగా వాడకుండా డైటీషియన్‌తో మాట్లాడాలి. మిగతావాళ్లు మారిన ఆరు నెలలకు బి12, హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ చూపించుకుని, ఫలితం బాగుంటే తర్వాత ఏడాదికోసారి చేయించుకుంటే చాలు.