ఇంటర్నేషనల్ స్కూల్‌కి అప్లై చేస్తే పిలుపు రావడం లేదా? రెజ్యూమె పైన ఉన్న ఆ నాలుగు లైన్లు చూడండి

రెజ్యూమెలో పేరు, ఫోన్ నంబరు కింద మూడు నాలుగు లైన్ల సమ్మరీ ఉంటుంది కదా, నేను చెప్పేది దాని గురించే. బీఈడీ ఉందనీ, రెజ్యూమె ఎలా తయారు చేసుకోవాలో తెలుసనీ అనుకుని మొదలుపెడుతున్నాను. స్టేట్ సిలబస్‌లోనో సీబీఎస్‌ఈలోనో కొన్నేళ్లు పాఠాలు చెప్పి, ఇప్పుడు హైదరాబాద్‌లోనో దుబాయ్, దోహా వైపో కేంబ్రిడ్జ్, ఐబీ స్కూళ్లకు ప్రయత్నించేవాళ్ల సమ్మరీలు చాలా సరిచేశాను. ఎక్కువగా తగిలే తేడాలు మూడే.

అన్నిటికంటే ముందు

ప్రకటన మొత్తం చదవండి. నవ్వకండి, సగం మంది చదవరు. స్కూల్ పేరులో ఇంటర్నేషనల్ అని ఉన్నంత మాత్రాన కేంబ్రిడ్జ్ అయిపోదు. మన ఊళ్లలో సందుకొక ఇంటర్నేషనల్ స్కూల్ ఉంది, లోపలికి వెళ్తే చాలాచోట్ల సీబీఎస్‌ఈనే. కేంబ్రిడ్జ్, ఐబీ రెండూ తమ స్కూళ్ల జాబితాను తమ సైట్లలోనే పెడతాయి, రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఏ కరిక్యులం, ఏ వయసు పిల్లలు, ఏ సబ్జెక్టు అన్న మూడూ ఒక కాగితం మీద రాసుకుని, మీ సమ్మరీని పక్కన పెట్టి చూడండి. ఈ మూడింటికీ అందులో జవాబు లేకపోతే కింద చెప్పేవేవీ పనిచేయవు.

సమస్య: అసలు ఫోనే రాదు

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, ఆ సమ్మరీ ఎవరిదైనా కావచ్చు. డెడికేటెడ్, ప్యాషనేట్, డైనమిక్ అని ఉంటుంది గానీ ఏ తరగతికి ఏం చెప్పారో ఉండదు. మొదటి వాక్యంలోనే సబ్జెక్టు, ఎన్నేళ్లు, ఏ బోర్డు, ఏ వయసు పిల్లలు అన్నది పెట్టేయండి. తరగతి నంబరు పక్కన వయసు తప్పనిసరిగా రాయండి, ఎందుకంటే బ్రిటిష్ పద్ధతిలో ఇయర్ 10 అంటే మన తొమ్మిదో తరగతి వయసు పిల్లలు, పదో తరగతి కాదు. అలాగే ఏపీ స్టేట్ సిలబస్ అని రాస్తే అమెరికన్ కరిక్యులం స్కూల్లో దాన్ని అక్కడ ఏపీ అని పిలిచే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సు అనుకునే ప్రమాదం ఉంది, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర బోర్డు అని పూర్తిగా రాయండి. ఇంటర్ అని రాస్తే బయటివాళ్లకు ఏమీ అర్థం కాదు, 11, 12 తరగతులు, 16 నుంచి 18 ఏళ్లు అని రాయాలి.

సమస్య: ఇంటర్వ్యూకి పిలుస్తారు, మొదటి పది నిమిషాల్లోనే తేలిపోతుంది

సమ్మరీలో సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ, ఐజీసీఎస్‌ఈ, ఐబీ అని పెళ్లి భోజనం మెనూలా వరుసగా రాసేస్తారు. అందులో నిజంగా పాఠం చెప్పింది ఒకటి, రెండు రోజుల ట్రైనింగ్‌కి వెళ్లింది ఇంకొకటి, మిగతావి విన్నవి. అవతల కూర్చున్న డిపార్ట్‌మెంట్ హెడ్ "మీ పిల్లలు పేపర్ 5 రాశారా, పేపర్ 6 రాశారా?" అని మామూలుగా అడుగుతాడు. కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్‌ఈ సైన్సు చెప్పినవాళ్లకు అది ప్రశ్నే కాదు. ఒకటి ల్యాబ్‌లో చేసే ప్రాక్టికల్ పరీక్ష, రెండోది దానికి బదులుగా కాగితం మీద రాసేది, స్కూల్ ఏదో ఒకటి ఎంచుకుంటుంది. చెప్పనివాళ్లు అక్కడే దొరికిపోతారు, ఆ తర్వాత నిజంగా ఉన్న సీబీఎస్‌ఈ అనుభవాన్ని కూడా నమ్మరు.

బోధించినది, ట్రైనింగ్ తీసుకున్నది, సొంతంగా చదివినది, ఈ మూడింటికీ మూడు వేరు క్రియలు వాడండి. సొంతంగా చదివాను అని రాయడం తక్కువేమీ కాదు, దాన్ని బోధించాను అన్నట్టు కనిపించేలా రాయడమే కొంప ముంచుతుంది.

సమస్య: "అనుభవం బాగుంది, కానీ మా సిస్టమ్‌కి సర్దుకోగలరా అని సందేహం"

అసలు మెలిక ఇక్కడే ఉంది. పై రెండూ సరిచేసుకున్నవాళ్లు కూడా దీంట్లో ఇరుక్కుంటారు, పాఠం బాగా చెప్పేవాళ్లు ఈ ఒక్క మాట మీద ఆగిపోవడం చూసి చూసి విసుగొచ్చింది. అలాంటి జవాబు వచ్చాక అందరూ చేసే పని, సమ్మరీలో అడాప్టబుల్, ఫ్లెక్సిబుల్, క్విక్ లెర్నర్ అనే మాటలు ఇంకో రెండు చేర్చడం. ఫలితం సున్నా.

ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కి మీరు ఇప్పటికే మారి ఉంటారు, నామోషీ అనుకుని సమ్మరీలోంచి దాన్ని మీరే తీసేస్తారు. అదీ కారణం.

నాకు తగిలినవాళ్లలో చాలామందిని కలిపి ఒక కెమిస్ట్రీ టీచర్‌గా చెబుతాను. మొదటి ఐదేళ్లు ఆంధ్రాలో ఒక మండల కేంద్రంలో తెలుగు మీడియం హైస్కూల్లో 8, 9, 10 తరగతులకు భౌతిక రసాయన శాస్త్రం. తర్వాత మూడేళ్లు జూనియర్ కాలేజీ. ఆ తర్వాత ఆరేళ్లుగా సిటీలో సీబీఎస్‌ఈ, 9 నుంచి 12 దాకా. సమ్మరీలో మాత్రం ఆఖరి ఆరేళ్లే ఉన్నాయి. తెలుగు మీడియం అంటే చిన్నచూపు చూస్తారని మొదటి ఐదేళ్లు పోయాయి, కాలేజీ కదా స్కూల్ కాదు కదా అని ఆ మూడేళ్లూ పోయాయి. మిగిలింది ఏమిటి? ఒకే బోర్డు, ఒకే సిటీ, ఒకే పద్ధతి, చివర్లో కొత్త వాతావరణానికి త్వరగా అలవాటు పడతాను అనే వాక్యం. చదివేవాడికి సందేహం రాకుండా ఎలా ఉంటుంది?

పోగొట్టుకున్న ఎనిమిదేళ్లలో ఏముందో చూడండి. ఆమె ఆమ్లం, క్షారం, సంయోజకత అని చెప్పిన పాఠాన్నే యాసిడ్, బేస్, వాలెన్సీ అని మళ్లీ మొదటి నుంచి తయారు చేసుకుంది. కాలేజీలో తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు పాఠానికి ముందు పది పదిహేను పదాల పట్టిక ఇచ్చి, జవాబు వాక్యం ఎలా మొదలుపెట్టాలో బోర్డు మీద రాసిచ్చేది. కేంబ్రిడ్జ్ స్కూళ్లలో, ముఖ్యంగా గల్ఫ్‌లో, ఇంట్లో అరబిక్కో రష్యనో మాట్లాడే పిల్లలు క్లాసులో కూర్చుంటారు, వాళ్లకి సైన్సు చెప్పగలిగే మనిషి కోసమే స్కూళ్లు వెతుకుతాయి. ఆమె దాచుకున్నది సరిగ్గా ఆ పనే. ఇంకా, స్టేట్ సిలబస్ ఫార్మేటివ్ అసెస్‌మెంట్లలో స్లిప్ టెస్ట్‌తో పాటు ప్రాజెక్టు పనికి కూడా మార్కులుంటాయి. పిల్లల చేత ప్రాజెక్టులు చేయించి మార్కులు వేసిన అనుభవం అక్కడే ఉంది, అది కూడా ఎక్కడా కనపడలేదు.

సరే, దీన్ని ఎలా సరిచేయాలి. సర్దుకోగలను అనే భవిష్యత్తు మాట తీసేసి, మారాను అనే గతం రాయాలి: దేని నుంచి దేనికి మారారు, మీ క్లాసులో ఏం మార్చారు. అక్కడితో పాత సిస్టమ్‌ల సంగతి అయిపోతుంది. వెళ్లబోయే సిస్టమ్ విషయంలో చిన్న పని ఒకటి నిజంగా చేయాలి, ఎందుకంటే చేయకుండా రాస్తే ఇంటర్వ్యూలో తెలిసిపోతుంది.

కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్‌ఈ కెమిస్ట్రీ కోడ్ 0620, సిలబస్ వాళ్ల సైట్లో ఉచితంగా దొరుకుతుంది. టాపిక్కుల జాబితా చూసి "అరే, ఇవన్నీ నాకు తెలిసినవే" అని మూసేయకండి. మోల్, ఎలక్ట్రాలసిస్, లవణాలు, ఆర్గానిక్ అన్నీ తెలిసినవే, సందేహం లేదు. తేడా అంతా అడిగే తీరులో ఉంది. ప్రాక్టికల్ పేపర్‌కి మొత్తంలో 20 శాతం వెయిటేజీ ఉంటుంది. మన టీచర్‌కి సీబీఎస్‌ఈ పన్నెండో తరగతిలో 30 మార్కుల ప్రాక్టికల్స్ చేయించిన చెయ్యి ఉంది కాబట్టి టైట్రేషన్, అయాన్లు గుర్తించడం సమస్య కాదు. కానీ పేపర్ 6లో ప్రయోగాన్ని పిల్లవాడే ప్లాన్ చేయాల్సిన ప్రశ్న వస్తుంది. దేన్ని మారుస్తావు, దేన్ని మార్చకుండా ఉంచుతావు, ఏం కొలుస్తావు అన్నది వాడే చెప్పాలి. మన ల్యాబ్ మాన్యువల్‌లో పద్ధతి అచ్చేసి ఉంటుంది, పిల్లవాడు అనుసరిస్తాడు, అంతే.

కాబట్టి పాత పేపర్ ఒకటి, దాని మార్క్ స్కీమ్ తీసుకుని, అలాంటి ప్రశ్న ఒకటి మీ తొమ్మిదో తరగతికి ఒక పీరియడ్‌లో ఇవ్వండి. రెండు రకాల యాంటాసిడ్ మాత్రల్లో ఏది ఎక్కువ ఆమ్లాన్ని తటస్థం చేస్తుందో తేల్చే ప్రయోగం ప్లాన్ చేయమనండి. చాలామంది మాత్రను ఆమ్లంలో వేసి ఏమవుతుందో చూస్తాం అని రాసి ఊరుకుంటారు. రెండింటికీ ఒకే గాఢత ఉన్న ఆమ్లం వాడాలనీ, ఇండికేటర్ రంగు మారేదాకా ఎంత ఆమ్లం పట్టిందో కొలవాలనీ, మళ్లీ ఒకసారి చేసి చూడాలనీ రాయరు. ఆ మూడూ ఎందుకు కావాలో తర్వాతి క్లాసులో మాట్లాడించి, ఇంకో ప్రశ్న ఇచ్చి చూడండి. ఇప్పుడు మీ దగ్గర ఇంటర్వ్యూలో ఐదు నిమిషాలు మాట్లాడగలిగే సరుకు ఉంది.

ఇదంతా అయ్యాక ఆమె సమ్మరీ ఇలా మారుతుంది, మీరు రాసుకునేది ఇంగ్లీషులోనే, భావం ఇక్కడ ఇస్తున్నాను:

> కెమిస్ట్రీ టీచర్‌ని, 13 నుంచి 18 ఏళ్ల పిల్లలతో 14 ఏళ్ల అనుభవం. ఆరేళ్లుగా సీబీఎస్‌ఈ 9–12 తరగతులు, 12వ తరగతి ప్రాక్టికల్స్ నిర్వహణ సహా. అంతకుముందు ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర బోర్డులో ఎనిమిదేళ్లు: తెలుగు మాధ్యమం నుంచి ఇంగ్లీషు మాధ్యమానికి మారి, ఇంగ్లీషు కొత్తైన పిల్లల కోసం పదాల పట్టికలు, వాక్య నమూనాలతో పాఠాలను మళ్లీ రూపొందించాను. కేంబ్రిడ్జ్ 0620 సిలబస్, మార్క్ స్కీమ్‌లు సొంతంగా చదివి, ప్రయోగం ప్లాన్ చేసే ప్రశ్నలను ప్రస్తుత 9వ తరగతిలో అమలు చేస్తున్నాను.

అడాప్టబుల్ అనే మాట ఇందులో ఎక్కడా లేదు, అక్కర్లేదు కూడా. ఆఖరి వాక్యంలో సొంతంగా అన్న మాట మాత్రం తీయకండి, అదే మిమ్మల్ని పేపర్ 6 ప్రశ్న దగ్గర కాపాడుతుంది.

ఐబీకి వెళ్తున్నట్టయితే దారి ఇదే, మైలురాళ్లు వేరు. మన 11, 12 తరగతుల వయసు పిల్లలు చదివే డిప్లొమాలో, సైన్సుల్లో విద్యార్థి సొంతంగా చేసే పరిశోధనకి 20 శాతం ఉంటుంది, అందుకే పిల్లల ప్రాజెక్టును మొదటి ప్రశ్న నుంచి చివరి రిపోర్టు దాకా మీరు నడిపించిన సందర్భం ఏదైనా ఉంటే అది సమ్మరీలోకి రావాలి. దానికంటే చిన్న పిల్లల ఐబీ కోర్సు ఎంవైపీ అయితే ప్రతి సబ్జెక్టుకీ నాలుగు క్రైటీరియాలు, ఒక్కోదానికి 8 దాకా స్కోరు. మొత్తం మీద ఒకే మార్కు వేయకుండా, విడివిడి అంశాల మీద రూబ్రిక్‌తో దిద్దిన అలవాటు ఉందా అని చూస్తారు.

అరుదుగా ఉండేవి

ఫొటో, ఫాంటు, రంగు, ఒక పేజీనా రెండు పేజీలా అన్నవాటి గురించి జనం పడే టెన్షన్ చూస్తే జాలేస్తుంది, వీటివల్ల ఆగిపోయినవాళ్లు చాలా తక్కువ. సర్టిఫికెట్ల అటెస్టేషన్ ఆఫర్ వచ్చాక చూసుకునే పని, సమ్మరీలో దానికి చోటు వృథా. వందకి వంద శాతం పాస్ అనే వాక్యం ఉంచుకోవాలనిపిస్తే కింద అనుభవం దగ్గర పెట్టుకోండి.

పంపే ముందు ఒకటి మాత్రం చూసుకోండి. సమ్మరీలో కొత్తగా చేర్చిన ప్రతి మాటకీ కింద అనుభవం విభాగంలో ఒక లైను ఉండాలి, తేదీలతో సహా. పైన 14 ఏళ్లు అని రాసి, కింద పాత రెజ్యూమెలోని ఆరేళ్లే వదిలేసి పంపేవాళ్లు ఇప్పటికీ తగులుతూనే ఉన్నారు.